పరిస్థితిజన్య సాక్ష్యం, తెగని గొలుసు: ఎవిడెన్స్ పేపర్‌కు తరచుగా అడిగే ప్రశ్నలు

రాజమండ్రి, కాకినాడ, అమలాపురం, భీమవరం వైపు లా చదువుతూ ఎవిడెన్స్ పేపర్‌కు కూర్చునేవాళ్లు ఈ అధ్యాయంలో అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే. చూసిన సాక్షి ఎవరూ లేని హత్య కేసులో శిక్ష ఎప్పుడు నిలుస్తుంది, ఎప్పుడు నిలవదు అన్నదొక్కటే ఇక్కడి విషయం. సూత్రాలు విడిగా బట్టీపడితే ప్రాబ్లమ్ క్వశ్చన్ రాగానే చెయ్యి ఆగిపోతుంది. అందుకే మొదటి నుంచి చివరి దాకా ఒక ఊహాకేసును పట్టుకుని చెబుతాను. ముందు దాన్ని నిదానంగా చదవండి.

ఆ ఊహాకేసు ఏమిటి?

అంబాజీపేట వైపు ఒక కొబ్బరి వ్యాపారి. రైతులకు ఇవ్వాల్సిన 80,000 రూపాయలు, తన లెక్కల పుస్తకం ఒక గుడ్డ సంచిలో పెట్టుకుని సాయంత్రం ఇంట్లోంచి బయల్దేరాడు. రాత్రి 8 గంటలకు కాలువ గట్టు మీద టీ కొట్టు దగ్గర అతను, ఒక దింపు కార్మికుడు కలిసి ఉండగా కొట్టు యజమాని చూశాడు. ఇద్దరూ ఆ కార్మికుడి బండి మీద లాకు వైపు వెళ్లారు. మర్నాడు పొద్దున్న 6 గంటలకు లాకు దగ్గర గుర్రపు డెక్కలో వ్యాపారి శవం కనపడింది. మెడ మీద లోతైన నరుకు గాయం ఉంది. చనిపోయింది రాత్రి 8, 11 గంటల మధ్య అయ్యుంటుందని శవపరీక్ష చేసిన డాక్టరు చెప్పాడు.

ఆ కార్మికుడు వ్యాపారికి ప్రోనోటు మీద 60,000 బాకీ. వారం కిందటే బాకీ గురించి ఇద్దరూ అరుచుకున్నారు. ఆ రాత్రి నుంచి అతను ఇంటికి రాలేదు. నాలుగో రోజు పోలీసులు బంధువుల ఇంట్లో పట్టుకున్నారు. అతను ఇచ్చిన సమాచారంతో, అతని పెరట్లో కొబ్బరి డొక్కల గుట్ట అడుగున పాతిపెట్టిన దింపు కత్తి, గుడ్డ సంచి దొరికాయి. కత్తి మీది రక్తం డీఎన్‌ఏ పరీక్షలో మృతుడిదని తేలింది. సంచిలో 52,000 రూపాయలు, మృతుడి చేతిరాతతో లెక్కల పుస్తకం ఉన్నాయి. కోర్టులో అడిగినప్పుడు ముద్దాయి ఇచ్చిన జవాబు ఒక్కటే: ‘ఆ సాయంత్రం నేనతన్ని చూడనేలేదు.’

నరుకుతుండగా చూసినవాళ్లు లేరు.

చూసినవాళ్లు లేనప్పుడు శిక్ష వేయొచ్చా?

వేయొచ్చు. టీ కొట్టు యజమాని ‘నరకడం చూశాను’ అంటే అది ప్రత్యక్ష సాక్ష్యం. ‘ఇద్దరూ కలిసి వెళ్లడం చూశాను’ అంటే, హత్యకు సంబంధించినంత వరకు, పరిస్థితిజన్య సాక్ష్యం. రెండోదాంట్లో సాక్షి చెప్పిన సంగతికీ, తేల్చాల్సిన సంగతికీ మధ్య ఒక ఊహ చేయాలి. ఆ ఊహకు చట్టం పెట్టిన కట్టుబాట్లే ఈ అధ్యాయం మొత్తం. పరిస్థితిజన్య సాక్ష్యం తక్కువ రకం సాక్ష్యం అని మాత్రం రాయకండి. అలాంటి గ్రేడింగ్ చట్టంలో లేదు. నిరూపణ ప్రమాణం కూడా రెండిటికీ ఒకటే, సహేతుకమైన అనుమానానికి తావులేకుండా నిరూపించడం.

గొలుసు సూత్రం ఎక్కడి నుంచి వచ్చింది? ఏ కేసు రాయాలి?

రెండు కేసులు తప్పకుండా రాయాలి. మొదటిది 1952లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన హనుమంత్ వర్సెస్ మధ్యప్రదేశ్ రాష్ట్రం. రెండోది 1984 నాటి శరద్ బిర్ధీచంద్ సర్దా వర్సెస్ మహారాష్ట్ర రాష్ట్రం. హనుమంత్‌లో చెప్పినదాన్నే సర్దా కేసు అయిదు సూత్రాలుగా విడగొట్టింది. వాటినే పంచశీల అని కూడా అన్నారు. నా మాటల్లో అవి ఇవి.

నేరాన్ని సూచించే ప్రతి పరిస్థితీ పూర్తిగా రుజువు కావాలి. అలా రుజువైన సంగతులన్నీ ముద్దాయే నేరం చేశాడన్న ఒక్క కథకే సరిపోవాలి, ఇంకో కథకు సరిపోకూడదు. ఆ పరిస్థితులు అటూ ఇటూ ఊగేవి కాకుండా నిర్ణయాత్మకంగా ఉండాలి. రుజువు చేయాల్సిన ఊహ తప్ప మిగతా ఊహలన్నిటినీ అవి తోసిపుచ్చాలి. చివరికి గొలుసు ఎంత పూర్తిగా ఉండాలంటే, ముద్దాయి నిర్దోషి అనుకోవడానికి సహేతుకమైన ఆధారమేదీ మిగలకూడదు, మానవ సంభావ్యత మేరకు ఆ పని అతనే చేసి ఉండాలి.

మొదటి సూత్రం దగ్గర ఇంకో తీర్పు గుర్తుంచుకోండి. 1973 నాటి శివాజీ సాహబ్‌రావ్ బోబడే కేసు. ‘చేసి ఉండవచ్చు’ అనడానికీ ‘తప్పక చేసి ఉండాలి’ అనడానికీ మధ్య దూరం చాలా ఉందని, ఊహాగానాన్ని ఖచ్చితమైన నిర్ధారణ నుంచి విడదీసేది ఆ దూరమేనని కోర్టు అక్కడ చెప్పింది. సర్దా కేసు ఆ మాటనే తీసుకుంది. సర్దా కేసులోని విషయం పుణెలో ఒక భార్య సైనైడ్ వల్ల చనిపోవడం. కింది కోర్టు మరణశిక్ష వేసింది, హైకోర్టు ఖాయం చేసింది, సుప్రీంకోర్టు వదిలేసింది. ఆత్మహత్య అన్న రెండో కథను ప్రాసిక్యూషన్ తోసిపుచ్చలేకపోయింది. నాలుగో సూత్రం ఎందుకుందో ఆ ఫలితమే చెబుతుంది.

ఆంధ్రప్రదేశ్ నుంచి కేసు కావాలంటే 1989 నాటి పడాల వీరారెడ్డి కేసు రాయండి. ఇవే పరీక్షలు అందులో క్లుప్తంగా ఉంటాయి.

అయిదు సూత్రాలూ రాసినా మార్కులు సగమే వస్తున్నాయి. ఎందుకు?

సూత్రాలు రాసి, కింద ‘కాబట్టి గొలుసు పూర్తయింది’ అని ఒక్క వాక్యంతో ముగించేస్తారు కాబట్టి. పని చేయాల్సింది ఆ రెండిటి మధ్యలో. ఇక్కడ రెండు వేరువేరు అడుగులున్నాయి. ఈ తేడా తెలిసిన విద్యార్థి జవాబు మొదటి పేరాలోనే గుర్తుపట్టొచ్చు.

మొదటి అడుగు: ఫలానా పరిస్థితి అసలు రుజువైందా? టీ కొట్టు యజమాని నిజంగా చూశాడా? వెలుతురు ఉందా? ముద్దాయి అతనికి ముందే తెలుసా? పోలీసులకు ఎప్పుడు చెప్పాడు? ఇక్కడ విడివిడిగా చూడాలి. రుజువు కానిది ఏదైనా ఉంటే దాన్ని పక్కన పెట్టేయాలి. సగం రుజువైన నాలుగు సంగతులు కలిసి ఒక పూర్తి రుజువు కావు.

రెండో అడుగు: రుజువైనవన్నీ కలిపి పెడితే ఏం తేలుతుంది? ఇక్కడ విడివిడిగా చూడకూడదు. ‘కలిసి వెళ్లినంత మాత్రాన చంపాడనా?’, ‘బాకీ ఉన్నంత మాత్రాన చంపాడనా?’ అని ఒక్కొక్కదాన్నీ కొట్టేస్తూ పోతే లోకంలో ఏ పరిస్థితిజన్య కేసూ నిలవదు. కొబ్బరి తాడులో ఒక్కో పీచుకు బిందెను మోసే బలం లేకపోయినా పేనిన తాడు మోస్తుంది. 1866లో ఇంగ్లండులో ఎగ్జాల్ కేసులో ప్రధాన న్యాయమూర్తి పొలాక్ ఇలాంటి తాడు పోలికే చెప్పాడు, అది గొలుసు కన్నా మెరుగైన పోలిక అన్నాడు. మన కోర్టులు గొలుసు అనే మాటనే వాడతాయి. కానీ రెండూ నిజమే. రుజువు విషయంలో అది గొలుసు, ఒక్క ముఖ్యమైన లంకె రుజువు కాకపోతే తెగుతుంది. బరువు విషయంలో అది తాడు, అన్నీ కలిసి లాగాలి.

‘లాస్ట్ సీన్’ ఒక్కటే చాలదా?

చాలదు. చివరిసారి ముద్దాయితో కనపడటం అనే పరిస్థితి విలువంతా మధ్యలో ఉన్న సమయం మీద ఆధారపడి ఉంటుంది. 2005 నాటి ఉత్తరప్రదేశ్ రాష్ట్రం వర్సెస్ సతీష్ కేసులో చెప్పింది ఇదే: ఇద్దరూ కలిసి సజీవంగా కనపడిన సమయానికీ, మృతుడు శవంగా దొరికిన సమయానికీ మధ్య తేడా ఎంత తక్కువగా ఉండాలంటే, మధ్యలో ఇంకొకరు వచ్చి చంపి ఉండటం అసాధ్యమనిపించాలి. తేడా పెరిగితే ఇంకొకరు మధ్యలోకి వచ్చే అవకాశం పెరుగుతుంది, లంకె బలహీనపడుతుంది. 2014 నాటి కన్హయ్యలాల్ వర్సెస్ రాజస్థాన్ కేసులో కలిసి వెళ్లడం అనే ఒక్క పరిస్థితి మీద శిక్ష నిలవదని తేల్చారు.

మన కేసులో గంటలు లెక్కేయండి. కలిసి కనపడింది రాత్రి 8కి. శవం దొరికింది పొద్దున్న 6కి. పది గంటల తేడా, అదీ జనం తిరిగే కాలువ గట్టు మీద. చాలామంది ఇక్కడే ఆగి ‘తేడా ఎక్కువ, లంకె తెగింది’ అని రాస్తారు. కానీ శవం దొరికిన సమయం కన్నా చావు జరిగిన సమయం ముఖ్యం. డాక్టరు ఇచ్చినది 8, 11 మధ్య. అంటే తేడా ఎక్కువలో ఎక్కువ మూడు గంటలు. అలాగని డాక్టరు చెప్పిన గంటలను గడియారంలా పట్టుకోకూడదు. శరీరం బిగుసుకోవడం, కడుపులో ఆహారం అరగడం చూసి కట్టే అంచనా అది. నీళ్లలో పడి ఉన్న శవం చల్లబడే తీరు నేల మీది శవంలా ఉండదు. డిఫెన్స్ లాయరు క్రాస్‌లో అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే, మీ జవాబులో కూడా ఒక వాక్యం దీనికి ఇవ్వండి.

సాక్షి విశ్వసనీయత కూడా చూడాలి. టీ కొట్టు యజమాని శవం దొరికిన రోజే పోలీసులకు చెప్పాడా, లేక ముద్దాయి అరెస్టయ్యాక రెండు వారాలకు గుర్తొచ్చిందా? అదే గట్టు మీద కొట్టు నడుపుతూ, ఊరంతా శవం గురించి మాట్లాడుకుంటుంటే నోరు విప్పనివాడు తర్వాత ఎందుకు విప్పాడో ప్రాసిక్యూషన్ చెప్పగలగాలి. ఆలస్యం ఒక్కటే సాక్ష్యాన్ని చంపదు. సంజాయిషీ లేని ఆలస్యం చంపగలదు.

ముద్దాయి పోలీసుల ముందు ఒప్పుకుని కత్తి చూపించాడు. ఇంకేం కావాలి?

ఎక్కువ మార్కులు పోయేది ఈ ప్రశ్న దగ్గరే, కాబట్టి ఆగి చూద్దాం.

పోలీసు అధికారికి చెప్పిన ఒప్పుకోలు ముద్దాయి మీద రుజువు చేయకూడదు. పోలీసు కస్టడీలో ఉండగా, మేజిస్ట్రేట్ ఎదుట కాకుండా చేసినదీ అంతే. ఇవి పాత చట్టంలో 25, 26 సెక్షన్లు, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియంలో 23వ సెక్షన్. దానికి ఒక మినహాయింపు ఉంది, పాత 27వ సెక్షన్. కొత్త చట్టంలో అది 23వ సెక్షన్ కిందే ప్రొవైజోగా చేరింది. కస్టడీలో ఉన్న ముద్దాయి ఇచ్చిన సమాచారం వల్ల ఏదైనా సంగతి బయటపడితే, ఆ బయటపడిన సంగతికి స్పష్టంగా సంబంధించినంత మేరకే ఆ సమాచారాన్ని రుజువు చేయొచ్చు.

ఎంత మేరకు అన్నదానికి నేటికీ మూలం మన రాష్ట్రం నుంచి వెళ్లిన పులుకూరి కొట్టయ్య కేసు, 1947 ప్రివీ కౌన్సిల్ రిపోర్టుల్లో ఉంది. బయటపడిన ‘సంగతి’ అంటే వస్తువు మాత్రమే కాదు. ఆ వస్తువు ఏ చోటు నుంచి తీశారో ఆ చోటు, అది అక్కడుందని ముద్దాయికి తెలిసి ఉండటం. గతంలో దాన్ని దేనికి వాడాడన్నది బయటపడిన సంగతి కాదు.

మన ముద్దాయి ఇలా చెప్పాడనుకోండి: ‘బాకీ అడుగుతున్నాడని వ్యాపారిని లాకు దగ్గర నరికాను. ఆ కత్తి, డబ్బు సంచి మా పెరట్లో డొక్కల గుట్ట కింద పాతిపెట్టాను. వస్తే చూపిస్తాను.’ పరీక్షలో ఈ వాక్యాన్ని రాసి ఒక్కో ముక్క కింద గీత గీయండి. మొదటి వాక్యం మొత్తం పోతుంది. ‘ఆ కత్తి’లో ‘ఆ’ అన్న మాట కూడా పోతుంది, అది నరకడాన్ని కత్తికి అంటగడుతుంది కాబట్టి. మిగిలేది: కత్తి, సంచి మా పెరట్లో డొక్కల గుట్ట కింద పాతిపెట్టాను, చూపిస్తాను. ఇంతే. దొరికిన కత్తితోనే హత్య జరిగిందని వేరే సాక్ష్యం చెప్పాలి, మన కేసులో ఆ పని డీఎన్‌ఏ చేస్తోంది. డీఎన్‌ఏ లేకపోతే కోనసీమలో దింపు కార్మికుడి పెరట్లో దింపు కత్తి దొరకడంలో వింతేమీ లేదు.

ఇక కాగితాల సంగతి. మధ్యవర్తులు స్టేషన్‌లో ఉండగానే ముద్దాయి ఆ మాటలు చెప్పాడా? అతను చెప్పిన మాటలు చెప్పినట్టుగా రాశారా, లేక ‘ముద్దాయి నేరం ఒప్పుకుని ఆయుధం చూపిస్తానన్నాడు’ అని పోలీసు భాషలో సర్దేశారా? దర్యాప్తు అధికారి కోర్టులో ఆ మాటలను సాక్ష్యంగా చెప్పాడా, లేక పంచనామాకు ఎగ్జిబిట్ నంబరు వేయించి ఊరుకున్నాడా? వస్తువులకు అక్కడికక్కడే సీలు వేశారా? ల్యాబ్‌కు చేరేదాకా సీలు చెదరలేదని చెప్పేవాళ్లున్నారా? వీటిలో ఏది లేకపోయినా అది మొదటి అడుగులోని లోపం. పరిస్థితే రుజువు కాలేదు, అది దేన్ని సూచిస్తుందన్న చర్చ దాకా వెళ్లక్కర్లేదు.

వస్తువు బహిరంగ ప్రదేశంలో దొరికితే రికవరీ చెల్లదు కదా?

చోటు బహిరంగమా అన్నది అసలు ప్రశ్న కాదు. మామూలుగా చూసేవాళ్లకు వస్తువు కనపడుతుందా అన్నది ప్రశ్న. 1999 నాటి హిమాచల్‌ప్రదేశ్ రాష్ట్రం వర్సెస్ జీత్‌సింగ్ కేసులో ఇది స్పష్టంగా ఉంది. అందరూ నడిచే గట్టు పక్కనే అయినా, పాతిపెట్టి మట్టి కప్పితే పాతినవాడికే తెలుస్తుంది. గట్టు మీద గడ్డిలో పైకి కనపడేలా పడి ఉంటే ఎవరికైనా తెలుస్తుంది, అప్పుడు ముద్దాయికి ‘తెలుసు’ అన్నదానికి విలువ లేదు. పోలీసులకు ముందే తెలిసిన చోటును ముద్దాయి చేత మళ్లీ చూపించినా అంతే, అక్కడ కొత్తగా బయటపడింది ఏమీ లేదు.

మోటివ్ లేకపోతే కేసు పోతుందా?

పోదు, కానీ ప్రత్యక్ష సాక్షి ఉన్న కేసులో కన్నా ఇక్కడ దాని అవసరం ఎక్కువ. బాకీ, గొడవ రుజువైతే ఒక లంకె చేరుతుంది. రుజువు కాకపోతే మిగతా లంకెలను కోర్టు ఇంకాస్త గట్టిగా పరీక్షిస్తుంది. పాత 8వ సెక్షన్, కొత్తది 6.

ఊరు వదిలి పోవడం నేరాన్ని చూపిస్తుందా?

కొద్దిగానే. తప్పు చేయనివాడు కూడా పోలీసు అంటే టెన్షన్‌తో బంధువుల ఇంటికి పోతాడు. మిగతా గొలుసు గట్టిగా ఉంటే చివర్లో ఒక వాక్యంగా చేర్చండి. దాని మీద ఏదీ కట్టకండి.

ముద్దాయి సంజాయిషీ చెప్పలేదు, పైగా అబద్ధం చెప్పాడు. 106వ సెక్షన్ కింద భారం అతని మీదకు వెళ్లదా?

ఇప్పుడది 109వ సెక్షన్. ఏదైనా సంగతి ఒకరికి ప్రత్యేకంగా తెలిసి ఉంటే దాన్ని రుజువు చేసే భారం అతనిదే అంటుంది. చదవగానే ముద్దాయిని ఇరికించడానికి ఇదొక్కటి చాలనిపిస్తుంది. కానీ 1956లోనే శంభునాథ్ మెహ్రా కేసులో సుప్రీంకోర్టు దీనికి హద్దు గీసింది. నేరాన్ని రుజువు చేయాల్సిన ప్రాసిక్యూషన్ బాధ్యతను ఈ సెక్షన్ తగ్గించదు. హంతకుడెవరో ముద్దాయికి తెలుసు కాబట్టి అతనే చెప్పాలి అనేస్తే ఏ హత్య కేసులోనూ ప్రాసిక్యూషన్‌కు పనుండదు.

కాబట్టి ముందు ప్రాసిక్యూషన్ తన లంకెలు రుజువు చేయాలి. ఆ తర్వాతే ‘లాకు దగ్గర ఎక్కడ దింపావు, ఎప్పుడు విడిపోయావు’ అన్నదానికి సంజాయిషీ అడగొచ్చు. ఇంటి నాలుగు గోడల మధ్య జరిగిన చావుల్లో ఈ సెక్షన్‌కు బలం ఎక్కువ, దానికి 2006 నాటి త్రిముఖ్ మారోతి కిర్కన్ కేసు చూడండి. మనది కాలువ గట్టు. అక్కడ దాని బలం తక్కువ.

అబద్ధపు సంజాయిషీ గురించి సర్దా కేసే జాగ్రత్త చెప్పింది. అబద్ధం అదనపు లంకె కాగలదు, తెగిన గొలుసును అతకలేదు. ప్రాసిక్యూషన్ లంకెలు సంతృప్తికరంగా రుజువై ఉండాలి, అవి తగినంత నిశ్చయంగా ముద్దాయి వైపే చూపించాలి, ఆ పరిస్థితి కాలంలోనూ స్థలంలోనూ ఘటనకు దగ్గరగా ఉండాలి. అప్పుడే అబద్ధాన్ని లెక్కలోకి తీసుకోవాలి. మన ముద్దాయి ‘చూడనేలేదు’ అన్నాడు. టీ కొట్టు సాక్ష్యం నిలబడితే అది అబద్ధమే. నిలబడకపోతే అది అబద్ధమని కూడా తేలలేదు.

ఇంకొకటి. ఒక పరిస్థితిని ముద్దాయికి వ్యతిరేకంగా వాడాలంటే దాని గురించి అతన్ని కోర్టు అడిగి ఉండాలి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 313, ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 351. అడగని పరిస్థితి వల్ల ముద్దాయికి అన్యాయం జరిగిందని తేలితే దాన్ని పక్కన పెట్టాల్సిందే. సర్దా కేసులో కూడా కొన్ని పరిస్థితులు ఇలాగే పోయాయి.

అయితే మన కేసులో గొలుసు పూర్తయినట్టేనా?

చెప్పిన సంగతులన్నీ రుజువయ్యాయనుకుంటే, నా అభిప్రాయంలో పూర్తయింది. వేరే కథ కుదురుతుందేమో చూడండి. ఇంకెవరో చంపారనుకుంటే, మృతుడి రక్తం ఉన్న కత్తి, మృతుడి లెక్కల పుస్తకం ఉన్న సంచి ముద్దాయి పెరట్లో నేల కింద ఎలా ఉన్నాయి, అవి అక్కడున్నాయని అతనికెలా తెలుసు? ఇంకొకరు పాతుతుండగా చూశాననిగానీ, దాచమని ఎవరో ఇచ్చారనిగానీ అతను అనలేదు. దానికి తోడు చావుకు ముందు మూడు గంటల్లోపే మృతుడు అతని బండి మీద వెళ్లాడు. ప్రాసిక్యూషన్ లోకంలోని ప్రతి విపరీత ఊహనూ కొట్టేయనక్కర్లేదు. సాక్ష్యం నుంచి పుట్టే సహేతుకమైన ఊహను కొట్టేస్తే చాలు.

ఇప్పుడు ఒక్కొక్క సంగతీ మార్చి చూడండి. పేపర్ సెట్ చేసేవాళ్లు కూడా చేసేది ఇదే.

డీఎన్‌ఏ రిపోర్టు లేదు, కత్తి మీద రక్తం ఆనవాలు చెడిపోయి మనిషిదో కాదో తేలలేదు. కత్తి లంకె దాదాపు పోయింది. కానీ సంచి, లెక్కల పుస్తకం ఉన్నాయి. దొంగ సొత్తు కొద్ది రోజుల్లోనే ఒకడి దగ్గర దొరికి, అతను సంజాయిషీ చెప్పలేకపోతే అతను దొంగ అనో, దొంగ సొత్తని తెలిసి తీసుకున్నాడనో కోర్టు భావించవచ్చు. ఇది పాత 114, కొత్త 119వ సెక్షన్‌లో మొదటి ఉదాహరణ. హత్య, దోపిడీ ఒకే ఘటనలో భాగమని మిగతా సాక్ష్యం చూపిస్తే ఈ భావనను హత్య దాకా తీసుకెళ్లొచ్చు. టీ కొట్టు సాక్ష్యం నిలబడితే శిక్షకు అవకాశం ఇంకా ఉంది, కానీ వాదన ఇప్పుడు పూర్తిగా సంచి మీద నిలబడింది.

టీ కొట్టు సాక్షి రెండు వారాలు నోరు విప్పలేదు, కారణం లేదు, అతన్ని నమ్మలేం. కత్తి, సంచి, డీఎన్‌ఏ ఉన్నాయి. కలిసి వెళ్లారన్నది పోయింది, దాంతో ‘చూడనేలేదు’ అన్నది అబద్ధమని కూడా చెప్పలేం. ఒకే సాక్షి మీద రెండు లంకెలు వేలాడుతున్నాయని గమనించారా? ఇలాంటివి ముందే గుర్తుపట్టి రాస్తే ఎగ్జామినర్‌కు మీ చదువు కనపడుతుంది. పెరట్లో పాతిన వస్తువులు ఇంకా బలమైనవే, కానీ చంపినవాడికి సాయపడి దాచి ఉండవచ్చన్న ఊహకు ఇప్పుడు కొంచెం చోటు దొరికింది.

ఇక మూడో మార్పు. మధ్యవర్తులిద్దరూ ‘మాచేత స్టేషన్‌లో సంతకాలు పెట్టించుకున్నారు, మేం పెరటికి వెళ్లలేదు’ అన్నారు, దర్యాప్తు అధికారి ముద్దాయి మాటలేవో చెప్పలేదు. రికవరీ పోయింది. దానితోపాటు డీఎన్‌ఏ కూడా ముద్దాయికి అంటకుండా పోతుంది, కత్తి మీది రక్తం మృతుడిదే అయినా ఆ కత్తిని ముద్దాయికి కలిపేది రికవరీయే కాబట్టి. మిగిలింది కలిసి వెళ్లడం, బాకీ, ఊరు వదలడం. అనుమానం ఎంత బలంగా ఉన్నా, ఇక్కడ శిక్ష నిలవదు.

గోదావరి ప్రాంతం నుంచి నిజమైన కేసు ఏదైనా ఉందా?

ఉంది, ఎవిడెన్స్ పుస్తకాలన్నిటిలోనూ ఉంది. 1939లో ప్రివీ కౌన్సిల్ తీర్పు చెప్పిన పాకాల నారాయణస్వామి కేసు. డెల్టాకు ఉత్తరపు అంచున ఉన్న పిఠాపురం దాని మొదలు.

మృతుడు పిఠాపురం దివాను దగ్గర ప్యూను. ముద్దాయి భార్య ఆ దివాను కూతురు. 1936లో ఆమె మృతుడి దగ్గర 18 శాతం వడ్డీకి 3,000 రూపాయల దాకా అప్పు తీసుకుంది, ఆ లావాదేవీల ఉత్తరాలు తర్వాత మృతుడి ఇంట్లో దొరికాయి. 1937 మార్చిలో బరంపురం రమ్మని అతనికి ఒక ఉత్తరం వచ్చింది, దాని మీద సంతకం లేదు. బాకీ డబ్బు తీసుకోవడానికి అక్కడికి వెళ్తున్నానని భార్యతో చెప్పి 21న బయల్దేరాడు. 23న పూరీ స్టేషన్‌లో, రైలు పెట్టెలో ఎవరూ తీసుకోని ఇనప ట్రంకులో ఏడు ముక్కలుగా అతని శవం దొరికింది. ఆ ట్రంకు ముద్దాయి కోసం కొన్నదేనని, జట్కాలో దాన్ని బరంపురం స్టేషన్‌కు తీసుకెళ్లారని సాక్ష్యం వచ్చింది.

భార్యతో అన్న మాటలు చెల్లుతాయా అన్నది మొదటి ప్రశ్న. చెల్లుతాయి అన్నాడు లార్డ్ అట్కిన్. చావుకు దారితీసిన పరిస్థితుల గురించి చనిపోయినవాడు అన్న మాట, చావుభయం పుట్టకముందు అన్నదైనా, పాత 32(1) కిందకు వస్తుంది. ఇప్పుడు 26(ఎ). రెండోది: మృతుడు తన ఇంటికి వచ్చాడని ముద్దాయి దర్యాప్తులో పోలీసులకు చెప్పిన మాట. అది చెల్లదు, అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 162వ సెక్షన్ అడ్డు. అంత ముఖ్యమైన మాట పోయినా మిగతా సాక్ష్యంతో శిక్ష నిలిచింది, అప్పీలు కొట్టేశారు.

చాలామంది దీన్ని మరణ వాంగ్మూలం అధ్యాయంలో మాత్రమే చదివి వదిలేస్తారు. గొలుసు కోసం చదవండి. ఒక లంకెను తీసేసి, మిగిలినదాన్ని మళ్లీ కలిపి చూసి, ఇంకా నిలబడుతుందా అని కోర్టు ఎలా అడుగుతుందో అందులో ఉంది. మన ఊహాకేసులో మూడు మార్పులతో చేసింది అదే పని.

సీసీ కెమెరా ఫుటేజీ, సెల్ టవర్ ఉంటే లాస్ట్ సీన్ సాక్షి అక్కర్లేదా?

పెట్రోలు బంకు కెమెరాలో ఇద్దరూ బండి మీద కనపడితే అది టీ కొట్టు సాక్షి కన్నా గట్టిదే. కాకపోతే కాపీ చేసి తెచ్చిన ఫుటేజీకి సర్టిఫికెట్ కావాలి, పాత 65బి, ఇప్పుడు 63వ సెక్షన్. 2020 నాటి అర్జున్ పండిత్‌రావు కేసు దాన్ని తప్పనిసరి అంది. టవర్ లొకేషన్ ఫోను ఉన్న ప్రాంతాన్ని చెబుతుంది, అది ఎవరి చేతిలో ఉందో చెప్పదు. ముద్దాయి ఇల్లు, లాకు, టీ కొట్టు మూడూ ఒకే టవర్ కింద ఉంటే దానివల్ల తేలేది ఏమీ లేదు.

పాత సెక్షన్లు రాయాలా, కొత్తవా?

కొత్త చట్టం 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది. కొత్త నంబరు రాసి పక్కనే పాతది ఇవ్వండి, తీర్పులన్నీ పాత నంబర్లతోనే ఉన్నాయి కాబట్టి. గొలుసు సూత్రానికి మాత్రం రెండు చట్టాల్లోనూ సెక్షన్ లేదు. అది తీర్పుల నుంచి వచ్చిన నియమం. దానికి ఏదో ఒక సెక్షన్ నంబరు అతికించి రాస్తే ఆ వాక్యం తప్పవుతుంది.